బుధవారం సాయంత్రం ఐదు లోపు

ఆ వీధిలో ఆయన్ని అందరూ టైపు బాబాయి అంటారు. టైపు మిషను అమ్మేసి పదహారేళ్ళయింది. పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు.

షాపు వెడల్పు ఎనిమిదడుగులు. ఒక పక్క మందుల కొట్టు, ఇంకో పక్క చెప్పులు కుట్టేవాడి గది. లోపల రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, జిరాక్సు మిషను. వెనక నీలం కర్టెను, దాని వెనక ఒక స్టూలు, తెల్లగోడ. ఫొటో కావాలన్నవాళ్ళని అక్కడ కూచోబెడతాడు. మధ్యాహ్నం నుంచి ఆయన భార్య వచ్చి జిరాక్సు దగ్గర నిలబడుతుంది. ఆమెను వీధంతా పిన్ని అంటుంది.

ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆయన పని ఇతరుల మాట రాసిపెట్టడం. డ్రైవర్లకి, నర్సులకి, వంటవాళ్ళకి, వాచ్‌మన్లకి ఉద్యోగ దరఖాస్తులు రాశాడు. తన కోసం మాత్రం ఒక్కటీ రాసుకోలేదు. ఎవరి దగ్గరా పని చేయలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఖాళీ ఏదీ, నేను దరఖాస్తు పెట్టుకోవడానికి? అన్నీ మీకే పెట్టేశాను కదా!" అనేవాడు.

దరఖాస్తుల్లో ఈమెయిలు అడగడం మొదలైన రోజుల్లో ఒక తాపీ మేస్త్రీ వచ్చాడు. ఆ గడి దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. "నాకది లేదు బాబాయ్," అన్నాడు మేస్త్రీ, లేకపోవడం తన తప్పయినట్టు. టైపు బాబాయి అప్పుడు తన మెయిలు రాసిపడేశాడు. వారం తిరిగేసరికి జవాబొచ్చింది. ఫోన్ చేసి పిలిచాడు. మేస్త్రీకి పని దొరికింది. ఆ సాయంత్రం వీధి చివరి దాకా ఆ కబురు నడిచింది. అప్పట్నుంచీ మెయిలు లేనివాళ్ళందరికీ ఆయన మెయిలే. ఒక ఇంటికి వంద మంది ఉత్తరాలొచ్చినట్టు ఆ పెట్టెలోకి వచ్చిపడేవి. ఆయన దానికేమీ తీసుకునేవాడు కాదు. లోపల కొంచెం గర్వపడేవాడు.

ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకి ఎవరో పంపిన ఫొటో కోసం పెట్టె తెరిచి కిందికి జరుపుతున్నాడు. బడులు తెరిచే రోజులు కావడంతో వారంగా ఊపిరాడలేదు. చదవని మెయిళ్ళు రెండు వందల చిల్లర ఉన్నాయి. శుక్రవారం నాటి వాటిలో ఒక వరస దగ్గర చెయ్యి ఆగింది. కొత్తగా కట్టిన రెండు వందల పడకల ఆసుపత్రి నుంచి వచ్చింది. "ఎంపికైన అభ్యర్థికి ఆఫర్" అని ఉంది.

తెరిచాడు.

లినెన్ స్టోర్స్ అసిస్టెంటు ఉద్యోగానికి మిమ్మల్ని ఎంపిక చేశామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అన్నీ కలిపి నెలకు ఇరవై రెండు వేల నాలుగు వందలు. వివరాలు జతచేసిన లేఖలో ఉన్నాయి. మొదటి ఆరు నెలలు ప్రొబేషను. చేరవలసిన తేదీ వచ్చే నెల ఒకటి, ఉదయం తొమ్మిది గంటలకు. మీ అంగీకారాన్ని, సంతకం చేసిన లేఖ ప్రతితో సహా, ఈ నెల ఇరవై ఒకటి, బుధవారం సాయంత్రం ఐదు గంటల లోపు ఈ మెయిలుకే జవాబుగా పంపాలి. ఆలోగా అందకపోతే ఈ ఆఫర్ రద్దయినట్టు భావించాలి.

గోడ మీది క్యాలెండరు చూశాడు. ఇవాళ ఇరవై.

లినెన్ అంటే ఆసుపత్రి దుప్పట్లు, తువ్వాళ్ళు. ఎవరి కోసమో తెలుసు. లాండ్రీ అమ్మాయి. ఆమెకు ముప్ఫై ఆరేళ్ళు, బడికి వెళ్ళే కొడుకు ఉన్నాడు, అయినా ఆయనకు అమ్మాయే. బస్టాండు వెనక పెద్ద లాండ్రీలో ఆరేళ్ళుగా హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు లెక్కపెట్టి రాస్తుంది. రెండు నెలల క్రితం దరఖాస్తు రాయించుకుంది. ఇంటర్వ్యూకి ఫోన్లో పిలిచారు, వెళ్ళొచ్చింది. "ఫలితం మెయిల్లో పంపుతామన్నారు బాబాయ్," అని ఆ వారంలో రెండుసార్లు వచ్చి అడిగింది. రెండోసారి ఆయనే అన్నాడు: "నువ్వు తిరక్కమ్మాయ్. రాగానే నేనే ఫోన్ చేస్తాను కదా."

ఆ తర్వాత ఆమె తిరగలేదు.

దరఖాస్తు ఫైలు తీసి అందులోని నంబరుకి ఫోన్ చేశాడు. ఈ నంబరు వాడుకలో లేదంది అవతలి గొంతు. అంకెలు తప్పు నొక్కానేమోనని మళ్ళీ చేశాడు. అదే గొంతు, అదే మాట. ఆ గొంతుకి విసుగుండదు, ఆయనకి చెమట పట్టింది.

మధ్యాహ్నం పిన్ని రాగానే షాపు ఆమెకి వదిలి, దరఖాస్తులో ఉన్న ఇంటికి వెళ్ళాడు. మూడు అంతస్తుల ఇల్లు, మెట్ల కింద సైకిళ్ళు. కిటికీలోంచి ఇంటావిడ తల బయటపెట్టింది.

"ఆవిడా? ఖాళీ చేసి నెల దాటింది."

"ఎక్కడికెళ్ళిందో చెప్పిందాండీ?"

"పిల్లాడి బడికి దగ్గర చూసుకుంటానంది. ఏ బడో నేనడగలేదు. మీరెవరు?"

"టైపు షాపు."

"ఏం, టైపు బాకీ పడిందా?"

"నేనే బాకీ పడ్డానండీ," అని మెట్లు దిగాడు.

ఇక మిగిలింది లాండ్రీ. అక్కడే చిక్కు. వెళ్ళి ఫలానా ఆవిడని పిలవండి, ఆమెకి ఇంకోచోట ఉద్యోగం వచ్చింది అంటే సూపర్‌వైజరుకి తెలిసిపోతుంది. ఆసుపత్రి ఉద్యోగం కాస్తా చేజారితే, ఉన్నదానికీ ఎసరు. దారిలో నిలబడి కాసేపు ఆలోచించాడు. తర్వాత షాపుకి తిరిగొచ్చి, స్టూలెక్కి నీలం కర్టెను విప్పాడు.

"ఏమండీ, ఇదేం చోద్యం?" అంది పిన్ని. "పదేళ్ళుగా ఉతకమంటే ఇవాళా గుర్తొచ్చింది?"

"ఇవాళే అవసరం పడింది."

ఆయన కర్టెను మడతపెడుతూ విషయం చెప్పాడు. పిన్ని జిరాక్సు మిషను ఆపేసి విన్నది. "ఆరు రోజుల్నుంచీ మన దగ్గరే ఉందన్నమాట," అంది.

"శుక్రవారం నుంచి. ఐదు రోజులు."

"ఐదైతే తగ్గిపోయిందా?"

ఆయన కర్టెను చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

లాండ్రీ కౌంటరు వెనక ఆవిరి. ఇనుప బండ్ల మీద తెల్ల దుప్పట్ల గుట్టలు. కౌంటరు దగ్గరున్న సూపర్‌వైజరు, మీసాలాయన, కర్టెను విప్పి వెలుతురుకి పట్టి చూశాడు.

"ఇందులో మురికి తీసేస్తే గుడ్డ మిగలదు సార్."

"మిగిలినంతే ఇవ్వండి. లెక్క రాసే అమ్మాయి ఉంటుంది కదా, లేదా ఇవాళ?"

మీసాలాయన కళ్ళు చిన్నవయ్యాయి. "ఉంటే ఏం? లేకపోతే ఏం?"

"ఏం లేదు. క్రితంసారి ఆవిడే రాసుకుంది. లెక్క పక్కాగా ఉంటుంది."

"కర్టెను ఒకటి. దానికి లెక్క నేను కూడా రాయగలను," అని చీటీ తీశాడు. "ఆవిడ బండితో హోటలుకెళ్ళింది. అట్నుంచటే ఇంటికి. రేపు పొద్దున వస్తుంది. పేరు?"

"టైపు షాపు అని రాయండి."

"ఎప్పటికి కావాలి?"

"రేపు సాయంత్రం ఐదు లోపు."

మీసాలాయన కలం ఆపి పైకి చూశాడు. "ఇది కర్టెనా, కోర్టు వాయిదానా?"

"అలాగే అనుకోండి. ఐదు లోపు అని పెద్దగా రాయండి."

మీసాలాయన చీటీని కర్టెనుకి గుచ్చాడు. టైపు షాపు. నీలం కర్టెను, ఒకటి. అర్జెంటు. బుధవారం సాయంత్రం ఐదు లోపు. ఆ చీటీ ఎన్ని చేతులు మారుతుందో, ఆమె చేతిదాకా వెళ్తుందో లేదో తెలియదు. ఒక ఉద్యోగం ఒక గుండుసూదికి వేలాడుతూండగా వదిలేసి టైపు బాబాయి ఇంటికి నడిచాడు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికే షాపు తెరిచాడు. వీధిలోకి వచ్చే ప్రతి ఆడమనిషినీ మెడ సాచి చూశాడు. పన్నెండయింది. రెండయింది. కర్టెను లేని వెనక గోడ బోసిగా ఉంది. ఫొటో కోసం వచ్చిన ఒకాయన స్టూలు మీద కూచుని, వీధంతా తననే చూస్తోందని ముఖం బిగుసుకుపోయాడు.

మూడింటికి పిన్ని ఆయన పక్కకొచ్చి నిలబడింది.

"మీ మెయిలే కదండీ. మీరే కొట్టేయండి, ఒప్పుకుంటున్నానని. ముందు ఉద్యోగం నిలబడనీ. అమ్మాయి వచ్చాక మిగతాది చూసుకోవచ్చు."

"సంతకం చేసిన లేఖ కావాలిట."

"అది తర్వాత పంపుతానని రాయండి. అమ్మాయి కాదంటుందా? రెండుసార్లు వచ్చి గుమ్మం పట్టుకు అడిగింది."

ఆ మాట నిజమే. ఆయన జవాబు గడి తెరిచాడు. వేళ్ళు వాటంతట అవే కదిలాయి. అయ్యా, మీ ఆఫరును సంతోషంగా అంగీకరిస్తున్నాను. ఈ వాక్యం ఆయన ఎంతమందికి రాసిచ్చాడో లెక్కలేదు. చుక్క పెట్టి, ఆగాడు.

వాళ్ళందరూ అప్పుడు ఎదురుగా కూచుని ఉన్నారు. ఒప్పుకుంటున్నానని వాళ్ళు అన్నారు, ఆయన రాశాడు. ఇవాళ కుర్చీ ఖాళీ. నెల రోజుల్లో ఆమె ఇల్లు మారింది, నంబరు మారింది. ఇంకేం మారాయో ఆయనకి తెలియదు. ఇప్పుడు ఒప్పుకుని, ఒకటో తేదీన ఆమె వెళ్ళకపోతే మాట తప్పినదిగా ఆమె పేరే మిగులుతుంది, తన పేరు కాదు.

వాక్యాన్ని చివర నుంచి మొదటికి చెరిపేశాడు.

"ఏమైంది?" అంది పిన్ని.

"ఆమె మాట కాదది."

మెయిలు అడుగున హెచ్.ఆర్. ఆఫీసరు నంబరుంది. చేశాడు. చిన్న వయసు ఆడగొంతు, వెనకాల ఎవరో మాట్లాడుతున్న చప్పుడు. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. ఈ మెయిలు తనది, అభ్యర్థిది కాదు. తను ఆలస్యంగా చూశాడు. ఆమె కోసం వెతుకుతున్నాడు. రేపటి దాకా గడువిస్తే...

ఆ గొంతు మధ్యలోనే అందుకుంది.

"అంటే ఆవిడకి మెయిలు లేదాండీ?"

టైపు బాబాయి వెతుకుతున్నాననే చెప్పాలనుకున్నాడు గానీ, దాని వెంట ఇంకో మాట కూడా బయటపడుతుందని అనుకోలేదు.

"అప్పుడు లేదండీ."

"దరఖాస్తులో కంప్యూటరు పరిజ్ఞానం ఉందని రాశారు. మా దగ్గర వార్డుల నుంచి దుప్పట్ల అవసరాలన్నీ మెయిల్లోనే వస్తాయి. జవాబులు ఆవిడే ఇవ్వాలి."

"పరిజ్ఞానం ఉందండీ. లాండ్రీలో లెక్కలన్నీ ఆమె కంప్యూటర్లోనే వేస్తుంది. మెయిలుతో పని పడలేదు, అంతే. తప్పు నాది. ఆ గడిలో నాది రాయడం నాకు అలవాటు."

"ఆ నంబరుకి సోమవారం నేను కూడా చేశానండీ, కలవలేదు. గడువు పొడిగించే అధికారం నాకు లేదు. ఐదు దాటితే జాబితాలో రెండో మనిషికి పంపాలి. ఆమె కూడా ఎదురుచూస్తోంది." గొంతు కొంచెం తగ్గింది. "ఐదు లోపు ఆవిడని నాతో మాట్లాడమనండి. మీరు కాదు, ఆవిడ."

ఫోన్ పెట్టేశాడు. పిన్ని ముఖంలోకి చూడలేదు.

"నోరు మూసుక్కూచున్నా బావుండేది," అన్నాడు.

"మూసుకుంటే ఐదింటికి పోయేది. ఇప్పుడు కనీసం అవతల ఒక మనిషికి తెలుసు," అంది పిన్ని. ఆయన్ని ఇంకా దెప్పొచ్చు, కానీ దెప్పలేదు.

నాలుగూ ఐదు నిమిషాలకి లాండ్రీ అమ్మాయి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో నీలం కర్టెను, ఇంకా తడిగా. దాని అసలు రంగు అంత మంచిదని వాళ్ళిద్దరికీ అప్పుడే తెలిసింది.

"ఏంటి బాబాయ్, కర్టెనుకి అర్జెంటేంటి?" అంది రొప్పుతూ. "చీటీ చూడగానే అనుకున్నా, ఇది ఉతకడానికి వచ్చిన గుడ్డ కాదు, నాకొచ్చిన కబురని. షిఫ్టు అయితేగానీ కదల్లేకపోయాను."

"ఫోన్ ఏమైందమ్మాయ్?"

"వాషింగ్ డ్రమ్ములో పడింది. హోటలు తువ్వాళ్ళతో పాటు శుభ్రంగా ఉతికాం. కొత్త నంబరు తీసుకున్నా."

"నాకు చెప్పొద్దూ?"

"మెయిలు కదా వచ్చేది! ఫోనుకీ దానికీ ఏం సంబంధం అనుకున్నా. వస్తే మీ షాపుకొస్తుంది, షాపెక్కడికీ పోదు కదా."

టైపు బాబాయికి లెక్క తేలింది. ఆమె తన మాటని నమ్మింది, తను ఆమె నంబర్ని నమ్మాడు. ఇద్దరూ నిశ్చింతగా నెల్లాళ్ళు కూచున్నారు.

"వచ్చిందమ్మాయ్. కూచో."

ఆమె కూచుంది. తెర తన వైపుకి తిప్పుకుని చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటికెళ్ళింది. జీతం దగ్గర ఆగలేదు. తేదీ దగ్గర ఆగింది.

"ఒకటోతేదీనా?"

"తొమ్మిదింటికి. ముందు ఒప్పుకుంటున్నానని కొట్టు, నలభై ఐదు నిమిషాలుంది."

"లాండ్రీలో పదిహేను రోజుల నోటీసివ్వాలి బాబాయ్. రేపిచ్చినా ఆరో తేదీ దాకా అక్కడే. నాలుగు హోటళ్ళ లెక్క నా చేతిలో ఉంది. ఎవరికీ అప్పజెప్పకుండా వచ్చేస్తే, రేపొద్దున పోయిన ప్రతి తువ్వాలూ నా మీదే రాస్తారు."

"అది తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు సంతకం చెయ్. ఒప్పుకునేటప్పుడు షరతులు పెడితే ఒప్పుకోనట్టే లెక్కేస్తారు వాళ్ళు. ఇలాంటివి ఎన్ని చూశాను."

ఆయన అప్పటికే లేఖ ప్రింటు తీశాడు. ఆమె కలం తీసుకుంది. ఒకటో తేదీ ఉన్న వరస మీద కలం మొన పెట్టి, ఎత్తేసింది.

"నూట ఇరవై దుప్పట్లు వచ్చాయని చీటీ మీద ఉండి, గుట్టలో నూట పద్దెనిమిదే ఉంటే నేను సంతకం పెట్టను బాబాయ్. డ్రైవరు ఎంత తిట్టినా పెట్టను. ఒకటో తేదీకి నేను రాలేను. వస్తానని ఎలా పెట్టను?"

"ఓసి నీ నిజాయితీ..." అని పిన్ని నెత్తి కొట్టుకుంది. "ఇక్కడ డ్రైవరు లేడే తల్లీ, గడియారం ఉంది!"

టైపు బాబాయి పిన్ని వైపు చూడలేదు. ఆ అమ్మాయి చేతిలోని కలం వైపు చూశాడు. గంట కిందట తను చెరిపేసిన వాక్యం గుర్తొచ్చింది. అది వెళ్ళి ఉంటే అందులో ఈ ఒకటో తేదీ కూడా వెళ్ళి ఉండేది.

"సరే," అన్నాడు. "నువ్వే మాట్లాడు."

నంబరు కలిపిచ్చాడు. ఆమె లేచి నిలబడి మాట్లాడింది. ఎదుటి మనిషి కనపడకపోయినా నిలబడే మాట్లాడింది.

"మేడమ్, నేను లినెన్ స్టోర్స్‌కి ఎంపికైనదాన్ని... అవునండీ, ఇప్పుడే చూశాను... ఉద్యోగం ఒప్పుకుంటున్నానండీ, జీతం కూడా. తేదీ ఒక్కటే. ఇక్కడ పదిహేను రోజుల నోటీసుంది. ఏడో తేదీకి రాగలను... ఆహా... అలాగాండీ..."

చాలాసేపు విన్నది. టైపు బాబాయి గడియారం చూశాడు. నాలుగూ ఇరవై రెండు.

"కంప్యూటరా? ఆరేళ్ళుగా వేస్తున్నానండీ, వచ్చినవీ పోయినవీ అన్నీ... మెయిలు లేదండీ. నిజమే. ఇప్పుడు తీసుకుంటానండీ. దాన్నుంచే రాస్తాను."

ఫోన్ తిరిగిచ్చింది.

"ఏమంది?"

"కొత్తవాళ్ళకి శిక్షణ ఒకటి, పదహారు తేదీల్లోనేట. మధ్యలో ఏడు కుదరదంది. పదహారైతే పైవాళ్ళని అడుగుతానంది, మాటివ్వలేనంది. ఐదు లోపు రాసి పంపమంది. ఉద్యోగం, జీతం ఒప్పుకుంటున్నట్టు, తేదీ మార్చమని అడుగుతున్నట్టు. ఆమె పంపిన మెయిలుకే జవాబుగా, నా మెయిలు కూడా అందులో పెట్టి."

"మరి పైవాళ్ళు కాదంటే?"

"కాదంటే రెండో ఆవిడ," అంది ఆమె మామూలుగా. కలం మాత్రం చేతిలో గట్టిగా పట్టుకునే ఉంది.

ముందు మెయిలు తెరవాలి. ఆమె పేరు కొట్టారు. ఆ పేరు వేరేవాళ్ళు తీసుకున్నారంది కంప్యూటరు. ఇంటిపేరు చేర్చారు. అదీ పోయింది. పేరు తిరగేశారు. ఆ తిరగేసిన పేరుకి కూడా లోకంలో ఎవరో ముందే ఉన్నారు.

"ఇంతమంది ఉన్నారా నాలాంటివాళ్ళు!" అంది ఆమె.

"పుట్టిన సంవత్సరం వెయ్యి," అన్నాడు టైపు బాబాయి.

"అమ్మో, వద్దు. వయసు ఊరందరికీ ఎందుకు?" లాండ్రీలో తన టోకెను నంబరు నలభై ఒకటి కొట్టింది. తీసుకుంది. ఫోనుకి అంకెలొచ్చాయి, అవి చూసి కొట్టింది. నాలుగూ ముప్ఫై ఆరు.

జవాబు గడి తెరిచి టైపు బాబాయి అలవాటుగా కీబోర్డు దగ్గరకి జరిగాడు. ఆమె కుర్చీ కొంచెం ముందుకి లాక్కుంది. ఆయన చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

లాండ్రీలో అంకెలే కొట్టిన అలవాటుతో ఆమె రెండు వేళ్ళతో కొట్టింది. ఒక్కో అక్షరం నొక్కి, తెర మీదికొచ్చిందో లేదో చూసి, ఆ తర్వాతే ఇంకోటి. టైపు బాబాయి వేళ్ళు ఒళ్ళోనే కదిలాయి. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆయన ఇంత నెమ్మదైన టైపు చూడలేదు. సాయం చేస్తానని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. వెనక ఒకాయన జిరాక్సు కోసం వచ్చి, "ఎంతసేపు?" అన్నాడు. "ఐదు దాకా," అంది పిన్ని, ఆయన కాగితాలు లాక్కుంటూ.

మేడమ్, లినెన్ స్టోర్స్ అసిస్టెంటు ఉద్యోగాన్ని, మీరు చెప్పిన జీతాన్ని అంగీకరిస్తున్నాను. ఇప్పుడు పని చేస్తున్న చోట పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. లెక్కలు అప్పజెప్పి రావాలి. అందువల్ల చేరే తేదీని పదహారుకి మార్చగలరని కోరుతున్నాను. మార్చిన లేఖ పంపితే వెంటనే సంతకం చేసి పంపుతాను. ఇకపై నాకు రాయవలసిన మెయిలు, ఫోను నంబరు కింద ఇస్తున్నాను.

"'దయచేసి' పెట్టు," అన్నాడు టైపు బాబాయి.

"ఎక్కడ?"

"కోరుతున్నాను దగ్గర."

"కోరుతున్నాను అంటేనే దయ అడిగినట్టు కదా బాబాయ్."

ఆమె అలాగే ఉంచింది. కింద ఆమె కొత్త మెయిలు, నకలు వెళ్ళే సీసీ గడిలో కూడా అదే. ఆమె తప్పుల కోసం మొదట్నుంచి వేలు పెట్టి చదివింది. పంపింది. నాలుగూ యాభై మూడు.

తర్వాత చేయడానికి ఏమీ లేదు. పిన్ని తడి కర్టెనుని తలుపుకి ఆరేసింది. లాండ్రీ అమ్మాయి, తన కొడుకు బడి నుంచి పక్కింట్లోకి వెళ్ళాడని, కొత్త ఇంటికి కుళాయి నీళ్ళు రెండు పూటలా వస్తాయని చెప్పింది. ఇంటర్వ్యూలో ఏం అడిగారని పిన్ని అడిగింది.

"దుప్పట్ల గుట్ట చూపించి, ఎన్నున్నాయో విప్పకుండా చెప్పమన్నారు పిన్నీ. మడతలు లెక్కపెట్టి చెప్పా. ఒకటి తేడా వచ్చింది. నాదే తప్పనుకున్నా. విప్పి చూస్తే లోపల చిరిగిన దుప్పటి ఒకదాన్ని రెండుగా మడిచారు."

"అయితే ఉద్యోగం నీదేనే!"

"తేదీ వాళ్ళది కదా."

ఐదయింది. ఐదూ పది. టైపు బాబాయి పెట్టె తెరిచి చూశాడు. మళ్ళీ తెరిచాడు. ఎవరివో కరెంటు బిల్లులు, ఒక ఫొటో. ఐదూ ఇరవై. ఇంక రెండో ఆవిడకి వెళ్ళిపోయి ఉంటుంది. ఏదో ఇంట్లో ఆమె ఇప్పుడు చదువుకుంటూ ఉంటుంది. ఆమెని తిట్టుకోబుద్ధి కాలేదు. ఆమె కూడా ఎవరో ఒకరి ఎదురుగా కూచుని దరఖాస్తు రాయించుకున్నదే.

"ఏమీ రాలేదమ్మాయ్," అన్నాడు, తెర మీంచి కళ్ళు తీయకుండా. "నేను శుక్రవారమే చూసుంటే..."

అంటూ తిరిగి చూశాడు. ఆమె తన ఫోను ముఖానికి దగ్గరగా పట్టుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి.

వచ్చింది. ఆయన పెట్టెలోకి కాదు.

ముప్ఫై ఒక్కేళ్ళలో మొదటిసారి, వచ్చిన ఉత్తరంలో ఏముందో టైపు బాబాయి ఇంకొకరిని అడగాల్సి వచ్చింది.

"ఏం రాశారమ్మాయ్?"

ఆమె చేయెత్తింది, ఆగమన్నట్టు. చివరిదాకా చదివింది. ఆ తర్వాత పైకి చదివింది:

"మీ అంగీకారం గడువులోగా అందింది. చేరే తేదీని వచ్చే నెల పదహారుగా మార్చాం. ఉద్యోగం, జీతం యథాతథం. మార్చిన లేఖ జతచేశాం. సంతకం చేసి రేపు మధ్యాహ్నం పన్నెండు లోపు పంపగలరు."

పిన్ని జిరాక్సు మిషను మీద చెయ్యేసి నిలబడింది. "రేపు పన్నెండా? ఇప్పుడే పంపించవే! వీళ్ళ గడువులూ మేమూ..."

ప్రింటరు లేఖని బయటికి తోసింది. ఆమె తేదీ చూసింది. జీతం చూసింది. ఉద్యోగం పేరు చూసింది. ఒక్కో వరస పక్కనా కలం మొనతో చిన్న చుక్క పెట్టుకుంటూ వచ్చి, అడుగున సంతకం చేసింది. స్కాన్ చేశారు. తన మెయిల్లోంచి తనే పంపింది. ఈసారి ఆమె వేళ్ళు ఇందాకటి కంటే కొంచెం తొందరగా కదిలాయి. టైపు బాబాయి అది గమనించాడు, పైకి అనలేదు.

ఆమె లేవలేదు. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ కుర్చీ ముందుకి లాక్కుంది.

"బాబాయ్, రేపు పొద్దున సూపర్‌వైజరుకి నోటీసివ్వాలి. దానికి కాగితం ఎలా తెరవాలి?"

ఆయన వంగి, తెల్లకాగితం తెరిచిచ్చాడు. మీసాలాయన ఏమంటాడో అంది ఆమె, తనలో తనే నవ్వుకుంటూ. ఆరేళ్ళు అన్న మాటని ఎక్కడ పెట్టాలో కాసేపు ఆలోచించింది. తర్వాత రెండు వేళ్ళతో మొదలుపెట్టింది. ఆరేళ్ళుగా మీ దగ్గర...

వెనక మరో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. టైపు బాబాయి వాళ్ళని రెండో కంప్యూటరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మొదటాయన దరఖాస్తు కాగితం చాపి, ఈమెయిలు అన్న గడి మీద వేలు పెట్టాడు.

"నాకది లేదు బాబాయ్. మీది రాసేయండి."

"కూచోండి," అన్నాడు టైపు బాబాయి. "మీ ఫోను చేతిలో ఉందా? తీయండి."